27,200 జీతానికి మొదటి బడ్జెట్: 50-30-20 లెక్క ఎందుకు కుదరడం లేదు

ప్రశ్న: జూలైలో హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరాను. ప్యాకేజీ 4.2 లక్షలు, చేతికి 27,200 వస్తోంది. ఉండేది కొండాపూర్ హాస్టల్లో, మా ఊరు అమలాపురం. ఇంటికి నెలకు 5,000 పంపుతున్నాను. వచ్చే జూలై నుంచి విద్యా రుణం కిస్తీ 2,900 మొదలవుతుంది. అవసరాలకు 50, కోరికలకు 30, పొదుపుకు 20 శాతం పెట్టుకోమని అందరూ అంటున్నారు. రెండు నెలలు ప్రయత్నించాను, ఇరవయ్యో తేదీకే ఖాతా ఖాళీ. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు:

మీరు పెద్ద తప్పేమీ చేయలేదు. వేరేవాళ్ల కొలతకు కుట్టిన చొక్కా తొడుక్కుని, పట్టడం లేదని ఒంటిని తిట్టుకుంటున్నారు. మీ పరిస్థితికి నేను వేసే లెక్క ఇది: అవసరాలకు సుమారు 19,860, పొదుపుకు 4,000, కోరికలకు 3,340. శాతాల్లో చెప్పాలంటే 73, 15, 12. ఆ అవసరాల మొత్తంలో నెలనెలా రాని ఖర్చుల కోసం ఒక 2,000 ఉంది. మొదటిసారి బడ్జెట్ వేసేవాళ్లు దాదాపు అందరూ మరిచిపోయేది దాన్నే. ఇరవయ్యో తేదీ సమస్యకు మూలం కూడా అక్కడే ఉందని నా అనుమానం.

నేను పదిహేడేళ్లుగా ఒక కంపెనీలో జీతాల విభాగంలో పనిచేస్తున్నాను. జీతంలో అడ్వాన్సు కావాలని కొత్తగా చేరినవాళ్లు నా బల్ల దగ్గరికే వస్తారు. ఎందుకని అడిగితే సినిమాలకో బిర్యానీలకో అయిపోయిందని చెప్పినవాళ్లు చాలా తక్కువ. అక్క సీమంతం, కళ్లద్దాలు విరిగిపోవడం, పండక్కి బస్సు టికెట్టు, ఫోను నీళ్లలో పడటం, ఇవే నేను ఎక్కువగా వినే కారణాలు. ఏడాదిలో ఏదో ఒక రోజు తప్పకుండా వచ్చేవే అన్నీ. వాళ్ల లెక్కలో మాత్రం ఏ నెలలోనూ చోటు లేనివి.

ముందు ఆ 50-30-20 సంగతి చూద్దాం. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు. 2005లో కుటుంబాల ఆర్థిక పరిస్థితి మీద రాసిన పుస్తకంలో చెప్పారు. వారెన్ అప్పట్లో దివాలా చట్టం బోధించే ప్రొఫెసర్, సెనేటర్ అయింది తర్వాత. అప్పుల్లో మునిగిన కుటుంబాలను చూసి, తప్పనిసరి ఖర్చులు చేతికొచ్చే ఆదాయంలో సగం దాటితే ఉద్యోగం పోయిన రోజున తట్టుకోవడం కష్టమని చెప్పడం వాళ్ల ఉద్దేశం. ఆ హెచ్చరిక సరైనదే. కానీ మొదటి జీతం నుంచే అమ్మానాన్నలకు డబ్బు పంపే కుర్రవాడిని దృష్టిలో పెట్టుకుని రాసిన లెక్క కాదది. మీరు పంపే 5,000 ఒక్కటే జీతంలో 18 శాతం పైన. దాన్ని తీసేసి చూడండి, మీ సొంత అవసరాలు 55 శాతం లోపే ఉన్నాయి. పాతికేళ్లు నిండని ఉద్యోగికి హైదరాబాదులో అది చక్కని అంకె. 50-30-20ని నాలుగైదేళ్ల తర్వాత జీతం పెరిగాక చేరుకునే మజిలీగా పెట్టుకోండి.

ఇక మీ జీతం. 4.2 లక్షలను 12తో భాగిస్తే 35,000 రావాలి కదా, మిగతాది ఎక్కడికి పోయిందని కొత్తవాళ్లందరూ నన్ను అడుగుతారు. మీ పే స్లిప్పు నేను చూడలేదు కానీ, ఈ స్థాయి ప్యాకేజీలు సాధారణంగా ఇలా ఉంటాయి. బేసిక్ 17,500. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 2,100, గ్రాట్యుటీ కింద 842, ఆరోగ్య బీమా ప్రీమియం ఓ 558, ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ పే నెలకు 2,000 చొప్పున. ఇవన్నీ ప్యాకేజీలో కనిపిస్తాయి, ఖాతాలోకి రావు. మిగిలిన 29,500లో మీ పీఎఫ్ వాటా 2,100, వృత్తి పన్ను 200 కోస్తే 27,200. వృత్తి పన్ను తెలంగాణలోనూ ఆంధ్రలోనూ 20,000 దాటిన జీతానికి నెలకు 200 రూపాయలే. మీ అంకెలు కాస్త అటూ ఇటూ ఉండవచ్చు, స్లిప్పు తీసి ఒక్కసారి సరిచూసుకోండి.

ఇందులో గుర్తుంచుకోవాల్సినవి రెండే. వేరియబుల్ పే ఖాతాలో పడేదాకా లేనట్టే. అది మీ పనితీరుతో పాటు కంపెనీ లాభనష్టాలను బట్టి కూడా మారుతుంది. దాన్ని నమ్ముకుని ముందే వాయిదాల మీద బండి కొన్నవాళ్లను చూశాను. రెండోది పీఎఫ్. రెండు వాటాలూ కలిపి నెలకు 4,200, ఏడాదికి 50,400 మీ పేరున చేరుతోంది. అది పొదుపే కాబట్టి వేరే పొదుపు ఎందుకని కొందరు అడుగుతారు. నిజమే, పదవీ విరమణకు అది మంచి పునాది. కానీ రేపు రాత్రి పన్ను నొప్పి లేస్తే పీఎఫ్ డబ్బు మీ చేతికి రాదు. అందుకే పీఎఫ్‌ను మనసులో లెక్కవేసుకుని సంతోషపడండి, బడ్జెట్ కాగితం మీద మాత్రం 27,200తోనే మొదలుపెట్టండి.

మీరు చెప్పిన రెండు నెలల్లో మొదటిదాన్ని లెక్కలోంచి తీసేయండి. కొత్తగా చేరినవాళ్ల మొదటి జీతం ఎప్పుడూ వంకరగానే ఉంటుంది. నెల మధ్యలో చేరితే ఆ రోజులకే వస్తుంది. జీతాల పట్టిక ఖరారయ్యాక, అంటే చాలాచోట్ల ఇరవయ్యో తేదీ దాటాక, చేరితే ఆ రోజుల జీతం వచ్చే నెలలో కలిపి పడుతుంది. అది చూసి తన జీతం ఎక్కువనుకుని ఎక్కువ అద్దె గదికి మారిన అబ్బాయి మా దగ్గర ఉన్నాడు. పైగా మొదటి నెలలోనే హాస్టల్ అడ్వాన్సు, పరుపు, బకెట్, ఆఫీసు బట్టలు అన్నీ మీద పడతాయి. పూర్తి నెల జీతం వచ్చి, కొత్త సామాను కొనుగోళ్లు లేని నెల ఏదైతే ఉందో అదే మీ మొదటి నిజమైన నెల.

ఇప్పుడు అవసరాలు. కొండాపూర్ చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఉండే హాస్టల్ గది, పొద్దున టిఫిను, రాత్రి భోజనంతో 8,000 అనుకుంటున్నాను. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో భోజనం 70 చొప్పున 22 రోజులకు 1,540. బస్సులు, షేర్ ఆటోలు 1,800. సబ్బులు, క్షవరం, ఇస్త్రీ, చిన్నాచితకా మందులు 1,200. ఇంటికి 5,000. ఫోను రీచార్జి 320.

ఆ ఫోను దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, నెలనెలా రాని ఖర్చు ఎలా దొంగచాటుగా వస్తుందో అది బాగా చూపిస్తుంది. 28 రోజుల ప్యాక్ వేయించుకునేవాళ్లు దాన్ని నెల ఖర్చు అనుకుంటారు. కానీ ఏడాదికి వేయించేది పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు. 84 రోజుల ప్యాక్ మూడు నెలలది అనుకుంటారు, కానీ ఏడాదికి నాలుగు సరిపోవు, ఐదోది కూడా కొంత పడుతుంది. సరైన పద్ధతి ఒకటే: ఏ ఖర్చునైనా ఏడాది మొత్తానికి లెక్కవేసి పన్నెండుతో భాగించడం. 84 రోజులకు 860 అయితే ఏడాదికి సుమారు 3,740, నెలకు 310 పైచిలుకు. నేను 320 రాసింది అందుకే.

ఇదే పద్ధతిని మిగతా వాటికి పెట్టండి. ఒక కాగితం తీసుకుని వచ్చే పన్నెండు నెలల పేర్లు నిలువునా రాయండి. ఒక్కో నెల ఎదురుగా ఆ నెలలో రాబోయేవి రాయండి. క్యాలెండర్ పక్కన పెట్టుకోండి, అమ్మగారికి ఫోను చేసి ఎవరింట్లో పెళ్లిళ్లున్నాయో అడగండి, మీకు తెలియనివి కనీసం రెండు బయటపడతాయి. మీ విషయంలో నా అంచనా ఇలా ఉంది. దసరాకు, సంక్రాంతికి ఊరు వెళ్లి రావడానికి 3,000 చొప్పున 6,000, మామూలు రోజుల్లో ఇంకో రెండు ప్రయాణాలకు 3,000. బట్టలు, చెప్పులకు 5,000. పెళ్లిళ్లు, చదివింపులకు 4,000. ఫోను బాగుచేతకో, కొత్తదాని కోసం కూడబెట్టడానికో 4,000. పంటికో కంటికో డాక్టరు దగ్గరికి 2,000. మొత్తం 24,000, అంటే నెలకు 2,000.

ఈ 2,000 విడిగా ఉంటే ఇంకో లాభం ఉంది. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతాయి. అంటే సంక్రాంతి టికెట్టు నవంబరు మధ్యలోనే కొనాలి. నవంబరులో చేతిలో డబ్బు లేనివాడు జనవరిలో ప్రైవేటు బస్సుకు రెండింతలు పెట్టి వెళ్తాడు. నేను ప్రయాణానికి 3,000 రాసింది టికెట్టు దొరకని పరిస్థితికి. రాజమండ్రి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు ముందే కుదుర్చుకుంటే అందులో సగం మిగిలినా ఆశ్చర్యం లేదు. మిగిలింది ఆ ఖాతాలోనే ఉంచండి, ఫోను పగిలే రోజు వస్తుంది.

మొత్తం ఒకచోట రాస్తే ఇలా ఉంటుంది:

- హాస్టల్ 8,000
- ఇంటికి 5,000
- క్యాంటీను, ప్రయాణం, చిల్లర అవసరాలు 4,540
- ఫోను 320
- ఏడాది ఖర్చుల వాటా 2,000
- పొదుపు 4,000
- కోరికలు 3,340

కలిపితే 27,200. ఒక్క రూపాయి కూడా పేరు లేకుండా మిగలలేదు చూడండి. పేరు లేని డబ్బు ఖాతాలో ఉంటే అది మీ కంటికి ఖర్చు పెట్టదగిన డబ్బులాగే కనిపిస్తుంది.

అవసరం ఏది, కోరిక ఏది అన్న దగ్గర అందరూ తడబడతారు. వస్తువు పేరును బట్టి తేల్చకండి. భోజనం అవసరం, కానీ రాత్రి హాస్టల్ అన్నం వదిలేసి తెప్పించుకున్న బిర్యానీ అవసరం కాదు. గది అవసరం, కానీ 8,000 గది సరిపోతుండగా 13,000కు ఒక్కరే ఉండే గది తీసుకుంటే అందులో 8,000 అవసరం, 5,000 కోరిక. పని జరిగేంత వరకు అవసరం, ఆ పైది కోరిక. ఒకే ఖర్చును ఇలా రెండు ముక్కలు చేయడం అలవాటైతే సగం గొడవ తీరుతుంది. అంత మాత్రాన కోరిక తప్పని నేను అనడం లేదు. మీకు ఒంటరి గదిలోనే నిద్ర పడుతుందంటే తీసుకోండి, కానీ ఆ 5,000 కోరికల 3,340లోంచి రాదు కదా, ఏది తగ్గిస్తారో ముందే చెప్పుకోండి. వాన కురిసే రాత్రి క్యాబ్ ఎక్కితే అది అవసరమే, పొద్దున ఆలస్యంగా లేచినందుకు ఎక్కితే కోరిక. ఇలాంటివి మీకు మాత్రమే తెలుస్తాయి, కాగితానికి తెలియవు.

కోరికల వాటాను సున్నా చేయాలని చూడకండి. కొత్తలో ఉత్సాహంగా అంతా పొదుపుకు పెట్టేసినవాళ్లు నాలుగో నెలలో ఆ పొదుపులోంచే తీసి ఖర్చు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. 3,340 అంటే నెలకు రెండు సినిమాలు, మూడు నాలుగు సార్లు స్నేహితులతో బయటి భోజనం, ఒక చిన్న కొనుగోలు. తక్కువే, కానీ బతకవచ్చు.

ఇంటికి పంపే డబ్బు గురించి ఒక మాట. దాన్ని అవసరాల్లోనే ఉంచండి, నెల చివర మిగిలితే పంపుదామనుకుంటే మీకూ వాళ్లకూ ఇబ్బందే. అయితే అది దేనికి వెళ్తోందో ఒకసారి కూర్చుని మాట్లాడండి. మా ఆఫీసులో ఒక అమ్మాయి నెలకు 10,000 పంపి, తన ఖర్చులకు చేబదులు తీసుకునేది. ఒకసారి సెలవులకు వెళ్లినప్పుడు తెలిసింది ఏమిటంటే, ఇంటి ఖర్చుకు వాళ్లు వాడేది 6,000. మిగతా 4,000 వాళ్ల నాన్నగారు కూతురి పెళ్లి కోసమని తెలిసినవాళ్ల దగ్గర చీటీ కడుతున్నారు. అంటే ఆ అమ్మాయి పొదుపు చేయడం లేదని బాధపడుతూనే జీతంలో పెద్ద వాటా పొదుపు చేస్తోంది. మీ 5,000లో కూడా మీ అమ్మగారు 2,000 చీటీకి కడుతున్నారేమో కనుక్కోండి. అలా అయితే అది అవసరం కింద కాదు, పొదుపు కింద రాయాలి, అప్పుడు మీ శాతాలే మారిపోతాయి. ఆ చీటీ రిజిస్టరైనదా, ఊళ్లో ఎవరో నోటిమాట మీద నడిపేదా అన్నది కూడా అడగండి. 1982 చిట్ ఫండ్ చట్టం కింద నమోదు కాని చీటీ మునిగిపోతే పట్టుకోవడానికి చేతిలో కాగితం కూడా ఉండదు.

కాగితం మీద లెక్క సరిపోయినంత మాత్రాన ఖాతాలో సరిపోదు. జీతం పడిన రోజే డబ్బును విడదీయాలి. దీనికి ఇంకో బ్యాంకులో మామూలు పొదుపు ఖాతా తెరవండి. దాని డెబిట్ కార్డు పెట్టెలో పడేయండి, ఫోనులోని చెల్లింపుల యాప్‌కు ఆ ఖాతాను జోడించకండి. జీతం పడ్డ మర్నాడు 6,000 దానంతట అదే అందులోకి వెళ్లేలా మీ జీతం ఖాతాలో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. అందులో 4,000 పొదుపు, 2,000 ఏడాది ఖర్చులు. అదే రోజు ఇంటికి 5,000, హాస్టల్‌కు 8,000 పంపేయండి. రీచార్జి డబ్బు 320 పక్కన పెడితే జీతం ఖాతాలో 7,880 ఉంటుంది. నెల మొత్తానికి మీరు రోజూ ఆలోచించాల్సిన డబ్బు అదొక్కటే.

దాన్ని నెలకు కాకుండా వారానికి పంచండి. 7,880ని నాలుగుంపావు వారాలు పైచిలుకుతో భాగిస్తే వారానికి 1,800. ఇందులో క్యాంటీను, బస్సు, సబ్బు, సినిమా అన్నీ ఉన్నాయి. నేను ఈమధ్య కొత్తవాళ్లకు చెబుతున్న చిట్కా యూపీఐ లైట్. సోమవారం పొద్దున అందులోకి 1,800 వేసుకోవడం, వారమంతా చిన్న చెల్లింపులు దాంట్లోంచే చేయడం. శుక్రవారానికి 200 మిగిలితే శనివారం ఎక్కడికి వెళ్లాలో మీకే తెలుస్తుంది. రెండు జాగ్రత్తలు: నిల్వ తగ్గగానే దానంతట అదే నింపుకునే ఆటో టాప్-అప్ సదుపాయాన్ని ఆపేయండి, లేకపోతే ఈ పద్ధతికి అర్థమే లేదు. అలాగే లైట్‌లో చేసిన చెల్లింపులు విడివిడిగా బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించవు, నింపిన మొత్తం మాత్రమే కనిపిస్తుంది. వివరాలు కావాలంటే యాప్ చరిత్రలో చూసుకోవాలి.

రోజూ పద్దు రాయాలా అంటే, మొదటి మూడు నెలలు రాయండి, తర్వాత మానేయండి. జీవితాంతం పది రూపాయల టీ రాసుకుంటూ కూర్చునేవాళ్లు కొందరుంటారు, నా వల్ల కాలేదు. ఆ మూడు నెలల్లో చూడాల్సింది ఒకటుంది. వరసగా మూడు వారాలు శుక్రవారానికే 1,800 అయిపోతుంటే మీకు నిగ్రహం లేదని కాదు, అంకె తప్పని అర్థం. ఏది పెరిగిందో వెతకండి. 70 అనుకున్న భోజనం 110 అవుతోందా, బస్సు బదులు ఆటో ఎక్కుతున్నారా? పెరిగింది అవసరమే అయితే కోరికల నుంచి అంత తగ్గించి కొత్త అంకె రాయండి. పొదుపు ఖాతాలోంచి తెచ్చి నింపకండి. అలాగే "ఇతరాలు" అన్న పద్దు నెలకు 500 దాటితే దాన్ని విప్పి చూడండి, లోపల తప్పకుండా ఏదో ఒక పేరున్న ఖర్చు దాక్కుని ఉంటుంది.

ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు అందరి కన్ను హాస్టల్ మీద పడుతుంది, పెద్ద అంకె అదే కాబట్టి. మారే ముందు ప్రయాణం కూడా కలిపి చూడండి. మా దగ్గర ఒకతను 1,500 తక్కువని దూరంగా ఉన్న హాస్టల్‌కు మారాడు. ప్రయాణం ఖర్చు 1,100 పెరిగింది. ఆలస్యమై టిఫిను వదిలేసి బయట తినడం వల్ల ఇంకో ఆరేడు వందలు పోయింది. రెండు నెలలకు పాత హాస్టల్‌కే వచ్చాడు.

ఇక 4,000 పొదుపు. ఎక్కడ పెట్టాలి, ఏ ఫండు మంచిది అని అడగబోతున్నారని తెలుసు. ఇప్పుడు వద్దు. ముందు ఆపద్ధనం కావాలి. సెప్టెంబరు నుంచి జూన్ దాకా మీకు పది జీతాలు వస్తాయి. నెలకు 4,000 చొప్పున 40,000, అంటే దాదాపు మీ రెండు నెలల అవసరాలు. మామూలుగా మూడు నుంచి ఆరు నెలలది ఉండాలంటారు, మీ జీతానికి మొదటి ఏడాదిలో రెండు నెలలు చేరడమే గట్టి పని. ఆ డబ్బు పొదుపు ఖాతాలో ఉన్నా సరే, రికరింగ్ డిపాజిట్‌లో ఉన్నా సరే. డిపాజిట్ మధ్యలో తీస్తే వడ్డీలో కాస్త కోత పడుతుంది, అసలు పోదు. షేర్లలో మాత్రం పెట్టకండి. మార్కెట్ పడిపోయిన వారమే మీకు డబ్బు అవసరం రావచ్చు.

ఈ పది నెలల్లో మీ దగ్గరికి ఇద్దరు తప్పకుండా వస్తారు. ఒకరు ఫిబ్రవరి, మార్చిలో పన్ను ఆదా పాలసీ అమ్మే దగ్గరి బంధువు. మీకు ఆదా చేయడానికి పన్నే లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయం మీద, రిబేటు పోను, కట్టాల్సిన పన్ను ఉండదు. జీతగాళ్లకు 75,000 ప్రామాణిక మినహాయింపు దానికి అదనం. మీ 4.2 లక్షలు ఎక్కడో కింద ఉన్నాయి. పైగా జీవిత బీమా పాలసీకి పెట్టిన డబ్బుకు మినహాయింపు ఆ విధానంలో లేదు. ఏడాదికి 25,000 ప్రీమియం ఒప్పుకుంటే మీ ఆపద్ధనంలో ఆరు నెలల వాటా అక్కడికే పోతుంది. బాబాయి గారికి నచ్చజెప్పడం కష్టమే, విద్యా రుణం తీరాక చూద్దామనండి.

రెండోది క్రెడిట్ కార్డు. జీతం ఖాతా తెరిచాక ఫోన్లు మొదలవుతాయి. కార్డు తీసుకోవద్దని చెప్పను, దాని బిల్లులోని "కనీస చెల్లింపు" అన్న గడిని మాత్రం చూడకండి. కొత్తలో నేను 18,000 బాకీకి నెలనెలా ఆ ఐదు శాతమే కడుతూ పోయాను. నెలకు మూడు శాతం వడ్డీ, దాని మీద సేవా పన్ను. పది నెలల్లో దాదాపు 8,400 కట్టాక చూసుకుంటే ఇంకా 15,000 పైనే బాకీ ఉంది. కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడలేదు. చివరికి మా అన్నయ్య దగ్గర చేబదులు తీసుకుని తీర్చాను. వారానికి 1,800 పద్ధతి కార్డు చేతికి రాగానే గల్లంతవుతుంది, అందుకే కనీసం ఆపద్ధనం చేరేదాకా కార్డు లేకుండా ఉండటమే నా సలహా.

చివరగా వచ్చే జూలై. 2,900 కిస్తీ మొదలవగానే దాన్ని అవసరాల్లో రాస్తాం, అవసరాలు 22,760 అవుతాయి. అప్పటికి జీతం పెరగకపోయినా మీకు ఇబ్బంది ఉండదు, ఎందుకంటే పది నెలలుగా నెలకు 4,000 చేతిలో లేకుండా బతకడం అలవాటై ఉంటుంది. ఆ 4,000లోంచే 2,900 కిస్తీకి వెళ్తుంది, 1,100 పొదుపుకు మిగులుతుంది. జీతం పెరిగితే పెరిగినదాంట్లో సగం పొదుపుకు వేయండి, వేరియబుల్ పే వస్తే అది నేరుగా ఆపద్ధనంలో కలపండి. రుణం మీద వడ్డీ మాత్రం ఈ గడువు కాలంలోనూ పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఆపద్ధనం 40,000 చేరాక ఇంకేమైనా మిగిలితే ముందు దానికే కట్టవచ్చు.

జూన్ నెలలోనే బ్యాంకుకు వెళ్లి కిస్తీ తేదీ ఐదో తారీఖుకు పెట్టించుకోండి. జీతం నెలాఖరున పడితే మధ్యలో నాలుగైదు రోజుల వెసులుబాటు ఉంటుంది. ఇరవయ్యో తేదీకి పెట్టారంటే ఏదో ఒక నెల ఖాతాలో డబ్బు చాలక కిస్తీ వెనక్కి వెళ్తుంది, దానికి రుసుము పడుతుంది, క్రెడిట్ స్కోరులోనూ మచ్చ కనిపిస్తుంది. మీ పే స్లిప్పులో అంకెలు నేను రాసినవాటికి తేడాగా ఉంటే ఇక్కడే పెట్టండి, పేరూ ఉద్యోగి నంబరూ చెరిపేసి. చూసి చెబుతాను.